మీటింగ్‌కి రాలేనని చెప్పి, బదులుగా చిన్న నోట్ పంపడం ఎలా

వారం వారం జరిగే స్టేటస్ మీటింగ్ గురించే ఇక్కడ చెబుతున్నాను. గురువారం నాలుగింటికి మొదలై ఐదింటికి ముగుస్తుంది. పదకొండు మంది ఉంటారు. మీ వంతు వచ్చేసరికి నాలుగూ నలభై అవుతుంది. మీరు మూడు నిమిషాలు మాట్లాడతారు, మిగతా సమయమంతా మ్యూట్‌లో ఉంటారు. మామూలు వారాల్లో అయితే ఫర్వాలేదు. చేతిలో పని ఉరుకుతున్న వారంలో ఆ గంట చాలా ఖరీదు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను కాబట్టి ఉదాహరణలన్నీ ఆ పనిలోంచే ఇస్తాను. మీది అకౌంట్స్ అయినా, డిజైన్ అయినా, సైట్ ఇంజనీరింగ్ అయినా పద్ధతి ఇదే.

ముందే ఒక మాట. "రాలేను" అన్న కబురు, దానికి బదులుగా ఇచ్చే నోట్, రెండూ ఒకే మెయిల్‌లో వెళ్లాలి. "ఈ వారం రాలేను, సాయంత్రంలోగా అప్‌డేట్ పంపుతాను" అని రాస్తే మీటింగ్ పెట్టినవాళ్ల చేతిలో ఏమీ ఉండదు. పైగా మీరు పంపారా లేదా అని గుర్తుపెట్టుకుని అడగాల్సిన పని వాళ్ల మీద పడుతుంది. నోట్ అక్కడే కింద కనిపిస్తే వాళ్లకు కావాల్సింది ముందే దొరికినట్టు. మీరు రాకపోవడం అప్పుడు వాళ్లకు పెద్ద విషయం కాదు. కింద చెప్పే వరుస అంతా దీని మీదే నడుస్తుంది. అందుకే నోట్ ముందు రాయమంటాను, రాలేనన్న మాట తర్వాత.

మొదట: ఈ వారం నన్ను ఏం అడుగుతారు?

ఇన్విటేషన్ తెరిచి, గత మూడు మీటింగుల్లో మిమ్మల్ని అడిగిన ప్రశ్నలు గుర్తు చేసుకుని రాసుకోండి. మినిట్స్ ఉంటే వాటిలోనే దొరుకుతాయి. "ఎంతవరకు వచ్చింది? ఎక్కడ ఆగింది? ఎప్పటికి అవుతుంది?" ఈ మూడే అయితే రాసి పంపొచ్చు. ఇవి మీరు చెబితే వాళ్లు వినే విషయాలు, మధ్యలో చర్చ లేదు.

కొన్ని మీటింగులకు మాత్రం రాలేనని చెప్పకండి. రిలీజ్ తేదీ మార్చాలా వద్దా అని తేల్చే రోజు వెళ్లాలి. మీ పని వెనకబడి, ఆ వార్త మొదటిసారి బయటపడే రోజైతే తప్పకుండా వెళ్లాలి. చెడ్డ కబురు నోట్‌లో పెట్టి మనిషి కనపడకపోతే తప్పించుకున్నాడనే అనుకుంటారు. అలా అనుకోవడంలో తప్పు కూడా లేదు. కొత్త క్లయింట్‌తో మొదటి కాల్, ఇద్దరి మధ్య మాట తేడా వచ్చి సర్దుకోవాల్సిన మీటింగ్ కూడా అంతే. ఇవి రాతతో తెగవు.

మీ పైన టీమ్ లీడ్ ఉంటే, మీటింగ్ పెట్టింది ఇంకొకరైతే, ముందు లీడ్‌కి ఒక మాట చెప్పండి. నాకు ఇది తెలియక మొదట్లో నేరుగా కోఆర్డినేటర్‌కి రాసేశాను. మీటింగ్‌లో అందరి ముందు "మీవాళ్లు రాలేదేంటి?" అని అడిగితే మా లీడ్ దగ్గర జవాబు లేదు. తర్వాత నన్ను పిలిచి, "నువ్వు రాకపోయినా నాకేం లేదు తమ్ముడూ, కానీ నాకు వేరేవాళ్ల నోటి నుంచి తెలియకూడదు" అన్నాడు. అప్పటి నుంచి "అన్నా, రేపు నాలుగింటి కాల్‌కి బదులు నోట్ పంపుదామనుకుంటున్నా, ఓకేనా?" అని చాట్‌లో ఒక్క లైన్ పెట్టాకే మిగతా పని మొదలుపెడుతున్నాను.

ఎప్పుడు చెప్పాలి

గురువారం నాలుగింటి మీటింగ్‌కి బుధవారం మధ్యాహ్నంలోపు చెప్పాలి. అప్పుడు పెట్టినవాళ్లకు మీ నోట్ చదివే టైమ్ ఉంటుంది. "లేదండీ, మీరు రావాల్సిందే" అని చెప్పే వీలూ ఉంటుంది. ఆ వీలు వాళ్లకు ఇవ్వడమే మర్యాద. మూడూ యాభైకి వచ్చే కబురులో అది ఉండదు, ఎంత తియ్యగా రాసినా సరే.

ఆఖరి గంటలో అడ్డంకి వస్తే మానేయకండి. కాల్‌లో చేరి, "నాది మొదట చెప్పేసి వెళ్లొచ్చా అండీ?" అని అడగండి. ఐదు నిమిషాల్లో బయటపడతారు.

నోట్ రాయడం

పని అంతా ఇక్కడే ఉంది. ఫోన్‌లో తెరిస్తే ఒక్క స్క్రీన్‌లో పట్టాలి, అంటే దాదాపు వంద పదాలు. అంతకన్నా పెద్దదైతే చదవడం వాయిదా పడుతుంది. చదవకపోతే మీటింగ్‌లో మీ పేరు పిలుస్తారు.

ఒక వారం నా చేతిలో ఉన్న పని పేమెంట్ పేజీ టెస్టింగ్ అనుకోండి. మొత్తం 84 టెస్ట్ కేసులు. 71 పాస్, 6 ఫెయిల్, 7 ఇంకా నడపలేదు. ఆ ఆరూ ఫెయిల్ అవడానికి కారణం రెండే బగ్‌లు. నడపని ఏడింటికీ బ్యాంకు టెస్ట్ కీ కావాలి. ఉన్న కీ గడువు అయిపోయింది. దీన్ని తొందరలో రాస్తే ఇలా వస్తుంది:

> పేమెంట్ పేజీ టెస్టింగ్ జరుగుతోంది. చాలావరకు పూర్తయింది. కొన్ని ఇష్యూస్ ఉన్నాయి, డెవలపర్లతో ఫాలో అప్ చేస్తున్నాం. కీ విషయంలో కొంచెం ఆలస్యం అవుతోంది. త్వరలో పూర్తి చేస్తాం.

ఇందులో అబద్ధం లేదు, పనికొచ్చే మాట కూడా లేదు. చదివినవాళ్లకు వెంటనే ఐదు ప్రశ్నలు పుడతాయి. చాలావరకు అంటే ఎంత? ఏ ఇష్యూస్? కీ ఎవరి దగ్గర ఆగింది? నన్నేమైనా చేయమంటున్నారా? త్వరలో అంటే ఏ రోజు? ఈ నోట్ పంపితే మీటింగ్ తప్పదు. అదే సంగతి ఇలా రాయొచ్చు:

> పేమెంట్ పేజీ టెస్టింగ్, బుధవారం ఉదయం 11 వరకు
>
> పరిస్థితి: సోమవారం గడువుకి అందుతుంది, కీ రేపు సాయంత్రంలోగా వస్తే.
>
> 84 కేసుల్లో 71 పాస్, 6 ఫెయిల్, 7 నడపలేదు. పోయిన వారం పాస్ అయినవి 52.
>
> ఆరు ఫెయిల్స్‌కీ కారణం రెండు బగ్‌లు: రీఫండ్‌లో పైసలు రౌండ్ అవడం, ఓటీపీ రెండోసారి పంపినప్పుడు పేజీ ఆగిపోవడం. రెండూ సరిచేసిన బిల్డ్ రేపు మధ్యాహ్నం వస్తుందని డెవలపర్లు చెప్పారు.
>
> మిగిలిన ఏడింటికీ బ్యాంకు కొత్త టెస్ట్ కీ కావాలి. సోమవారం అడిగాం, జవాబు రాలేదు.
>
> మీ నుంచి కావాల్సింది: బ్యాంకు వైపు మీకు తెలిసినవాళ్లకు ఈ రోజు ఒక ఫోన్. రేపు సాయంత్రం దాటితే గడువు మంగళవారానికి జరుగుతుంది.

తేడా ఎక్కడుందో చూడండి. మొదటి లైన్‌లోనే తీర్పు చెప్పేశాను. అందుతుందా, అందదా, ఏ షరతు మీద. మీటింగ్ పెట్టినవాళ్లు పైవాళ్లకు చెప్పుకోవాల్సింది ఆ లైనే. వాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసుకోగలగాలి. 71 పక్కన పోయిన వారం 52 పెట్టడం వల్ల పని కదులుతోందని తెలుస్తుంది. ఒట్టి 71 అంటే ఆ సంగతి తెలియదు. తలకట్టులో "ఉదయం 11 వరకు" అని పెట్టడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ముఖ్యం. గురువారం సాయంత్రం ఎవరైనా అది చదివి, అంకె మారిందేంటని అడిగితే ఆ టైమే జవాబు.

ఇక ఆఖరి లైన్. అడగాల్సింది ఉంటే ఒక్కటే అడగండి. ఏం చేయాలో, ఎప్పటిలోగా చేయాలో, చేయకపోతే ఏమవుతుందో ఆ మూడూ ఒకే చోట ఉండాలి. అడగాల్సింది ఏమీ లేకపోతే "ఈ వారం మీ నుంచి ఏమీ అక్కర్లేదు" అని రాసేయండి. ఆ మాట లేకపోతే, ఎక్కడో ఏదో అడిగారేమోనని చదివేవాళ్లు నోట్ మళ్లీ వెతుకుతారు.

రాశాక ఒక పరీక్ష ఉంది. పక్క టీమ్‌లో ఒకరికి చూపించి, "దీన్ని చదివాక నన్నేమైనా అడగాలనిపిస్తోందా?" అని అడగండి. అడిగారంటే ఆ జవాబు నోట్‌లో చేర్చండి.

రాలేనన్న మాట

మన భాషలో ఎదుటి మనిషికి మొహం మీద కాదనడం కష్టం. అందుకే "చూస్తానండీ", "ట్రై చేస్తాను", "వీలైతే వస్తాను" అంటాం. ఎదురుగా కూర్చుని ఇలా అంటే, ఆ గొంతులోని సాగదీతను బట్టి మనం రామని అవతలివాళ్లు అర్థం చేసుకుంటారు. మెయిల్‌లో ఆ గొంతు వినపడదు. "ట్రై చేస్తాను" అని చదివినవాళ్లు మీరు వస్తారనే అనుకుంటారు. నాలుగూ ఐదు వరకు మీ కోసం ఆగుతారు. పది మందిని ఆపి ఎదురుచూసిన మనిషికి మీ మెత్తదనం గుర్తుండదు.

అలాగని "నేను రాను" అని కూడా రాయకండి. రాను అంటే ఇష్టం లేదన్నట్టు వినిపిస్తుంది. "రాలేకపోతున్నాను", "రావడం కుదరడం లేదు" అంటే సంగతి తేలిపోతుంది, గట్టిగానూ ఉండదు. "కుదరకపోవచ్చు" మాత్రం వద్దు, అది మళ్లీ సగం మాటే.

కారణం ఒక్క వాక్యంలో చెప్పండి, అది ఆ ప్రాజెక్టు పనికే సంబంధించినదైతే మరీ మంచిది. "బిజీగా ఉన్నాను" అనేది కారణం కాదు, పదకొండు మందీ బిజీయే. ఒంట్లో బాగాలేదని, ఇంట్లో ఎవరికో బాగాలేదని అస్సలు రాయకండి, అది నిజం కాకపోతే. మరుసటి రోజు ఎవరో మంచి మనసుతో "ఇప్పుడెలా ఉందండీ?" అని అడుగుతారు. అక్కడి నుంచి ఆ మనిషి దగ్గర మీ మాట విలువ తగ్గడం మొదలవుతుంది. ఇంటి పని నిజంగానే ఉంటే "ఇంట్లో పని ఉంది" అంటే చాలు, వివరం అక్కర్లేదు. ఈ మీటింగ్ వల్ల ఉపయోగం లేదన్న మాట కూడా ఈ మెయిల్‌లో పెట్టకండి. అది మీ అభిప్రాయమైతే విడిగా కూర్చుని మాట్లాడాల్సిన సంగతి.

మొత్తం కలిపితే ఇలా ఉంటుంది:

> మేడమ్, రేపటి నాలుగింటి స్టేటస్ మీటింగ్‌కి ఈ ఒక్క వారం రాలేకపోతున్నాను. కొత్త బిల్డ్ రేపు మధ్యాహ్నం వస్తుంది, రీటెస్ట్ సాయంత్రంలోగా పూర్తి చేయాలి. నేను చెప్పాల్సింది కింద రాశాను, ఒక్క నిమిషంలో చదవొచ్చు. నన్ను అడగాల్సింది ఏదైనా వస్తే నాలుగు నుంచి ఐదు వరకు చాట్‌లోనే ఉంటాను, పిలవగానే కాల్‌లోకి వస్తాను. ఇది చదివాక కూడా నేను ఉండాలనిపిస్తే చెప్పండి, తప్పకుండా వస్తాను.

దీని కింద పైన చూపిన నోట్ ఉంటుంది. "ఈ ఒక్క వారం" అన్న మాట తీసేయకండి. అది లేకపోతే ఇక ముందు కూడా రారేమోనని అనుమానం వస్తుంది. ఆఖరి వాక్యం గురించి కొందరికి సందేహం. అలా రాస్తే రమ్మంటారు కదా అని. నాకు ఎదురైనంతవరకు, నోట్ సరిగా ఉన్నప్పుడు రమ్మన్న సందర్భాలు తక్కువ. రమ్మన్నప్పుడు నేను ఊహించని కారణం ఏదో ఉండేది. ఒకసారి రమ్మని పిలిచారు. తీరా చూస్తే గడువు ఇంకా తొందరగా పెట్టాలని పైనుంచి ఒత్తిడి. ఆ రోజు నేను అక్కడ లేకపోతే మా టీమ్ తరఫున తేదీ ఇంకెవరో ఒప్పేసుకునేవారు.

మీ ఆఫీసులో మెయిల్స్ ఇంగ్లిష్‌లోనే రాస్తే వరుస మార్చకుండా అదే రాయండి: రాలేనన్న మాట, కారణం, నోట్ కింద ఉందన్న మాట, ఆ గంటలో ఎక్కడ దొరుకుతారు, కావాలంటే వస్తానన్న మాట. సారీ ఒక్కసారి చాలు. మూడుసార్లు చెబితే ఏదో తప్పు చేసినట్టే అవుతుంది.

బటన్ నొక్కేటప్పుడు

మెయిల్ పంపాక క్యాలెండర్‌లోనూ జవాబివ్వాలి. లేకపోతే హాజరు జాబితాలో మీరు ఇంకా జవాబివ్వనట్టే కనిపిస్తుంది. గూగుల్ క్యాలెండర్‌లో `No` నొక్కాలి, పక్కనే చిన్న నోట్ రాసే చోటు ఉంటుంది. అవుట్‌లుక్‌లో `Decline` నొక్కి, నోట్‌తో పాటు జవాబు పంపే దారి ఎంచుకోవాలి. `Do not send a response` అని ఎంచుకుంటే పెట్టినవాళ్లకు కబురే వెళ్లదు. ఆ నోట్‌లో "వివరాలు మెయిల్‌లో పంపాను" అని ఒక్క లైన్ చాలు. అసలు అప్‌డేట్ మొత్తం అక్కడ పెట్టకండి, చాలామంది దాన్ని తెరిచి చూడరు.

జాగ్రత్త పడాల్సింది ఇంకొకటి ఉంది. వారం వారం వచ్చే మీటింగ్ కాబట్టి, ఈ ఒక్కదానికా, మొత్తం సిరీస్‌కా అని అడుగుతుంది. గూగుల్‌లో `This event` మాత్రమే ఎంచుకోండి, అవుట్‌లుక్‌లో ఆ ఒక్క రోజు మీటింగే తెరిచి జవాబివ్వండి. ఒకసారి నేను చూసుకోకుండా సిరీస్ మొత్తానికి నొక్కేశాను. తర్వాతి వారం మీటింగ్ నా క్యాలెండర్‌లో లేదు, నాకు గుర్తూ లేదు. చెప్పాపెట్టకుండా ఎగ్గొట్టినట్టయింది. అవుట్‌లుక్‌లో కాదన్న మీటింగ్ మామూలుగా క్యాలెండర్ నుంచి పోతుంది, దాంతో పాటు కాల్ లింక్ కూడా. పిలిస్తే వస్తానన్నారు కదా, అందుకే ముందే ఆ లింక్ కాపీ చేసి పక్కన పెట్టుకోండి.

ఆ గంటలో, ఆ తర్వాత

చాట్‌లో ఉంటానన్న గంట నిజంగా చాట్‌లో ఉండాలి. నాలుగూ పావుకి ప్రశ్న వస్తే నాలుగూ పదహారుకి జవాబు వెళ్లాలి. ఒక్కసారి మీరు దొరక్కపోతే, వచ్చే వారం ఎంత మంచి నోట్ పంపినా "మీరు వచ్చేయండి" అంటారు.

నోట్‌లో రాసింది మధ్యలో మారిపోవచ్చు. పై ఉదాహరణలో గురువారం బిల్డ్ వచ్చింది, రీఫండ్ బగ్ పోయింది, ఓటీపీది పోలేదు అనుకోండి. మీటింగ్ మొదలయ్యేలోపు అదే మెయిల్‌కి ఒక లైన్ జవాబు పెట్టాలి: "మూడున్నరకి మార్పు: రీఫండ్ సరైంది, ఓటీపీ బగ్ ఇంకా ఉంది, కొత్త బిల్డ్ రేపు ఉదయం." ఇది మర్చిపోతే మీటింగ్‌లో పాత మాట చదువుతారు, డెవలపర్ కొత్త మాట చెబుతాడు, మీ నోట్ అందరి ముందు తప్పవుతుంది.

మీటింగ్ అయ్యాక మినిట్స్ రాగానే మీ పేరు వెతకండి. అక్కడ లేనివాళ్ల మీదకు పనులు వచ్చి పడటం మామూలే. మీ పేరు మీద ఏదైనా ఉంటే అదే రోజు "చూశాను, శుక్రవారానికి ఇస్తాను" అనో, "ఇది నా పని కాదు, ఫలానా టీమ్‌ది" అనో రాసేయండి. రెండు రోజులు ఊరుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క.

రాత్రి కాల్ అయితే

అమెరికా టీమ్‌తో కాల్ ఉన్నవాళ్లకు ఈ పద్ధతి ఇంకా బాగా పనికొస్తుంది. చికాగోలో ఉదయం తొమ్మిది అంటే మనకు వేసవిలో రాత్రి ఏడున్నర. నవంబర్ మొదటి ఆదివారం వాళ్ల గడియారాలు మారాక అదే కాల్ ఎనిమిదిన్నరకి వెళ్తుంది, మళ్లీ మార్చి రెండో ఆదివారం దాకా అంతే. మీరు సాయంత్రం ఆరుకి నోట్ పంపి ఇంటికి బయల్దేరితే, వాళ్లు ఆఫీసుకి వచ్చేసరికి అది మెయిల్‌లో ఉంటుంది. అయితే ఇక్కడ "చాట్‌లో ఉంటాను" అని రాసే ముందు ఆలోచించుకోండి. ఆ టైమ్‌లో మీరు బస్సులోనో, పిల్లల హోంవర్క్ దగ్గరో ఉంటారు. "ప్రశ్నలుంటే రాసి పెట్టండి, రేపు ఉదయం పదింటికల్లా జవాబిస్తాను" అని రాయండి. మన ఉదయం పది వాళ్లకు ముందు రోజు రాత్రే కాబట్టి, వాళ్లు నిద్ర లేచేసరికి జవాబు ఉంటుంది.

ప్రతివారం ఇలాగే కావాలంటే

వరసగా మూడు నాలుగు వారాలు విడివిడిగా రాలేనని పంపకండి. ఇలా నాలుగోసారి పంపేసరికి అది మర్యాదగా అనిపించదు. రెండుసార్లు నోట్ బాగా నడిచాక, మీటింగ్ పెట్టినవాళ్ల దగ్గరికే వెళ్లి అడగండి. "మేడమ్, ఆ రెండు వారాలూ నోట్ సరిపోయిందా, ఏమైనా ఇబ్బంది పడ్డారా?" అని ముందు వాళ్ల మాట వినండి. సరిపోయిందంటే, నెలలో మూడు వారాలు నోట్, ఒక వారం మనిషి అన్న ఏర్పాటు అడగొచ్చు. గడువుకి అందదని తేలిన వారం మాత్రం నోట్ వంతే అయినా నేనే వస్తానని మీ అంతట మీరే చెప్పండి. ఒప్పుకుంటే సిరీస్‌లో మీ పేరు ఆప్షనల్‌గా మార్చమనండి. ఒప్పుకోకపోతే, మీ వంతు మొదట్లోనే పెట్టమని అడగండి, నాలుగూ పదికల్లా మీ సీటుకి తిరిగి వచ్చేస్తారు.